తెలియని మనిషిని 'నువ్వు' అనే హక్కు ఎవరిది?

ఇంగ్లీషులో 'యు' అనే ఒక్క మాట కలెక్టరుకీ సరిపోతుంది, కూలికీ సరిపోతుంది. పసిపిల్లకీ, పండు ముసలికీ, ఒక్కరికీ, వందమందికీ అదే మాట. తెలుగులో అలా కుదరదు. 'నువ్వు' అనాలా 'మీరు' అనాలా అన్నది తేల్చుకోకుండా మాట ఎక్కువ దూరం నడవదు. మనిషి ఎదురుగా ఉంటే ముఖం చూసి తేల్చుకుంటాం. ఇంగ్లీషులో వచ్చిన సందేశాన్ని తెలుగు చేసేటప్పుడు ఆ ముఖం కనిపించదు. జాబితాలో ఒక పేరు, పక్కన ఒక ఫోన్ నంబరు, అంతే. వయసు తెలియదు, ఆడో మగో తెలియదు, ఊళ్లో ఆ మనిషి స్థానమేమిటో తెలియదు. అప్పుడు ఏం రాయాలి?

మా జవాబు ముందే చెబుతున్నాం. 'మీరు' అని రాయాలి. క్రియ చివర 'అండి' ఉండాలి. పేరు తెలిస్తే పేరు చివర 'గారు' ఉండాలి. ఎదుటి మనిషి ఎవరో తెలియకపోవడం 'నువ్వు' అనడానికి అనుమతి కాదు. తెలియదు కాబట్టే 'మీరు' అనాలి. ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసం ఎందుకని అడిగేవాళ్లున్నారు. మా గూడేలకు వచ్చే తెలుగు సందేశాలను ఒకసారి చదివి చూడమని వాళ్లను కోరుతున్నాం. పట్టణంలో ఉన్నవాళ్లకు 'దయచేసి చెల్లించండి' అని వచ్చే మాటే మా దగ్గరికి వచ్చేసరికి 'చెల్లించు' అయిపోతుంది. ఇంగ్లీషు మూలంలో రెండూ ఒకటే. మధ్యలో తెలుగు చేసిన చెయ్యే తేడా తెచ్చింది. ఈ మధ్య ఆ చెయ్యి చాలాచోట్ల మన పిల్లలదీ, మన టీచర్లదీ. మండలం నుంచి ఇంగ్లీషు ముక్క ఒకటి వస్తుంది, 'దీన్ని తెలుగులో రాసి ఊళ్లో అందరికీ పంపు' అంటారు. కాబట్టి ఈ మాట ఆఫీసులకు ఎంత చెబుతున్నామో మనవాళ్లకూ అంతే చెబుతున్నాం.

మాకు ఎక్కువగా ఎదురయ్యే వాదం ఒకటుంది. 'మీ భాషల్లో మీరు, నువ్వు అనే తేడా అంతగా పాటించరు కదా. తాతనైనా తల్లినైనా ఏకవచనంలోనే పిలుస్తారు. మరి తెలుగులో నువ్వు అంటే మీకెందుకు కష్టం?' అంటారు. కొందరు మన యువకులు కూడా దీన్నే ఇంకో వైపు నుంచి చెబుతారు. 'మీరు అనేది మైదానం వాళ్ల మర్యాద, మనకు వద్దు, మనం అందరినీ నువ్వు అనే రాద్దాం' అంటారు. ఈ రెండు వాదాలూ ఒకే చోట తప్పాయి. మన ఇళ్లలో ఏకవచనం వాడినప్పుడు అది ఒంటరిగా రాదు, దాని పక్కన వరస ఉంటుంది. తాత, అవ్వ, మామ, అత్త, అన్న, వదిన అని పిలిచాకే 'నువ్వు' వస్తుంది. గౌరవమంతా ఆ వరసలో ఉంటుంది కాబట్టి సర్వనామం మీద భారం పడదు. తెలుగు ఇళ్లలోనూ ఇంతే. తల్లిని 'నువ్వు' అనే పిలుస్తారు. దేవుణ్ణి కూడా 'నువ్వు' అనే మొక్కుతారు. అక్కడ చనువూ బంధమూ ముందే ఉన్నాయి. సందేశం పంపే ఆఫీసుకూ అందుకునే మనిషికీ మధ్య అలాంటిదేమీ లేదు.

తెలుగులో 'నువ్వు'కు రెండు దారులున్నాయి. ఒకటి ప్రేమ దారి, రెండోది పెత్తనం దారి. తల్లితో అనే నువ్వు మొదటిది. దొర తన పాలేరుతో, ఫారెస్టు గార్డు కట్టెల మోపు ఎత్తుకున్న ముసలమ్మతో అనే నువ్వు రెండోది. ఏది ఏ దారిలో వచ్చిందో గొంతు చెబుతుంది, ముఖం చెబుతుంది, బంధం చెబుతుంది. కాగితం మీద ఈ మూడూ ఉండవు. అప్పుడు చదివేవాళ్లు తమ అనుభవాన్ని బట్టే అర్థం చేసుకుంటారు. అడవి అంచున బతికిన మనిషికి ఆఫీసు నోటి నుంచి వచ్చిన ఏకవచనం ఎప్పుడూ ఏ అర్థంలో వినిపించిందో వేరే చెప్పాలా? మన భాషలో ఆ తేడా ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. సందేశం తెలుగులో ఉంది. తెలుగు కొలతతోనే దాన్ని చదువుతారు.

'అయితే మీరు బదులు వరసే వాడదాం, అన్నా అక్కా అని రాద్దాం' అని మంచి మనసుతో చెప్పేవాళ్లున్నారు. ప్రచార కరపత్రాల్లో ఇది బాగా కనిపిస్తోంది. వినడానికి దగ్గరగా ఉంటుంది. కానీ వయసు తెలియని మనిషికి వరస ఎలా పెడతారు? నలభై ఏళ్ల మనిషిని 'తాతా' అంటే నొచ్చుకుంటాడు. అరవై ఏళ్ల మనిషిని 'తమ్ముడూ' అంటే నవ్విపోతాడు, లేదా కోపగించుకుంటాడు. మన సమాజాల్లో దీనికి ఇంకో చిక్కు కూడా ఉంది. మనకు వరస అంటే ఊరికే వేసే పిలుపు కాదు, అది పెళ్లి సంబంధాల లెక్క. కోయల్లో గట్టు, గోండుల్లో సగ తెలిస్తే తప్ప ఎవరు అన్నదమ్ముల వరస, ఎవరు బావమరదుల వరస అన్నది తేలదు. ఒకే గట్టువాళ్లు అన్నాచెల్లెళ్లవుతారు. వేరే గట్టు అయితే పిల్లను ఇచ్చిపుచ్చుకునే వరస కలుస్తుంది. మనిషి ఏ గట్టో తెలియకుండా 'అన్నా' అనో 'బావా' అనో రాయడం మన దగ్గర చిన్న మాట కాదు. తెలియని మనిషికి మన పద్ధతిలో వరస పెట్టలేం. అందువల్ల మన గౌరవ పద్ధతిని నిజంగా గౌరవించేవాళ్లు సందేశంలో వరసల జోలికి పోరు. 'మీరు' దగ్గర ఆగుతారు.

'శ్రీ', 'శ్రీమతి', 'కుమారి' అనేవి కూడా ఇలాంటివే. ఆడో మగో, పెళ్లయిందో లేదో తెలిస్తేనే అవి పెట్టగలం. మన పేర్లలో చాలావాటిని చూసి అది చెప్పలేం. 'గారు'కు ఆ ఇబ్బంది లేదు. పేరు ఎవరిదైనా, వయసు ఏదైనా చివర కూర్చుంటుంది. మరీ ఎత్తుకెళ్లి 'తమరు' అని రాయనక్కర్లేదు. అది దరఖాస్తుదారు అధికారికి వంగి చెప్పే మాట. వంగడం వద్దని అడుగుతున్న మనం ఎదుటివాళ్లను వంగమనడం లేదు.

ఇప్పుడు ఒక సందేశాన్ని తీసుకుని మొదటి నుంచీ చివరి దాకా చేసి చూద్దాం. పోడు భూమి గురించి ఇంగ్లీషులో ఇలాంటి నాలుగు వాక్యాలు వచ్చాయనుకుందాం. మీ దరఖాస్తును సబ్ డివిజన్ స్థాయి కమిటీ తిరస్కరించింది అన్నది మొదటిది. 60 రోజుల్లోగా జిల్లా స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకునే వీలుంది అన్నది రెండోది. కాగితాలతో సోమవారం మండల కార్యాలయానికి రమ్మనేది మూడోది. సందేహాలుంటే ఫలానా నంబరుకు ఫోన్ చేయమనేది నాలుగోది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చే సందేశం ఇది. ఆ 60 రోజుల గడువు చట్టంలో ఉన్నదే. తిరస్కరణను దరఖాస్తుదారుకు స్వయంగా తెలియజేయాలని నిబంధనలు కూడా చెబుతున్నాయి కాబట్టి ఫోన్ సందేశం దానికి బదులు కాదు. కానీ ముందుగా చేరేది మాత్రం చాలాసార్లు సందేశమే.

దీన్ని అలవాటైన ఆఫీసు తెలుగులో పెడితే ఇలా వస్తుంది: 'నీ దరఖాస్తు తిరస్కరించబడినది. నీవు 60 రోజుల లోపల అర్జీ పెట్టుకోవలెను. నీ కాగితములు తీసుకొని సోమవారము ఆఫీసుకు రమ్ము.' ఒక్కో ముక్కా చూడండి. మొదటి వాక్యంలో 'నీ' అన్న మాట తిరస్కరణ పక్కన చేరగానే వార్త కాస్తా మందలింపు అయిపోయింది. ఏదో తప్పు చేసి పట్టుబడినట్టుంది. తిరస్కరించిన కమిటీ పేరు కూడా మాయమైంది. మనిషిని తగ్గించి రాసే చెయ్యి ఆ మనిషికి చెప్పాల్సినదాన్ని కూడా తగ్గించేస్తుంది, ఇది మేము పదే పదే చూస్తున్నదే. రెండో వాక్యంలో ఇంకా పెద్ద దెబ్బ ఉంది. ఇంగ్లీషులో ఉన్నది వీలు, అంటే హక్కు. 'పెట్టుకోవచ్చు' అని రావాలి. 'పెట్టుకోవలెను' అనడంతో హక్కు కాస్తా ఆజ్ఞ అయింది. చివరి 'రమ్ము' సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక దీన్ని మేమైతే ఇలా రాస్తాం: 'ఫలానా గారికి. పోడు భూమి హక్కు కోసం మీరు పెట్టుకున్న దరఖాస్తును సబ్ డివిజన్ స్థాయి కమిటీ తిరస్కరించింది. ఈ నిర్ణయం సరికాదని మీరు అనుకుంటే 60 రోజుల్లోగా జిల్లా స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. మీ దగ్గరున్న కాగితాలు తీసుకుని సోమవారం మండల కార్యాలయానికి రండి. సందేహాలుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి.' ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. ఎవరు తిరస్కరించారో ఉంది. ఎవరికి చెప్పుకోవాలో ఉంది. దరఖాస్తుదారు ఇరవై ఏళ్ల అబ్బాయైనా, డెబ్బై ఏళ్ల అవ్వైనా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

ఈ సందేశంలో 'మీరు' అనడానికి మర్యాద కాక ఇంకో కారణం కూడా ఉంది. అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవాళ్లకు వచ్చే హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉమ్మడిగా ఉండాలి. అంటే ఆ ఇంగ్లీషు 'యు' వెనక ఉన్నది చాలాసార్లు ఇద్దరు మనుషులు. 'నీ దరఖాస్తు' అని రాసినవాళ్లు ఆ ఇద్దరిలో ఒకరిని చెరిపేశారు. ఎవరిని చెరిపేసి ఉంటారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. 'మీరు' అన్నప్పుడు అది గౌరవ ఏకవచనంగానూ చెల్లుతుంది, నిజమైన బహువచనంగానూ చెల్లుతుంది. ఇద్దరూ అందులో ఉంటారు.

అయితే ఈ రెండు అర్థాలు ఒకే మాటలో ఉండటం వల్ల ఒక ఇబ్బంది కూడా వస్తుంది, దాన్ని దాచిపెట్టం. 'మీరు రండి' అంటే ఒక్కరు రావాలా, ఇంటిల్లిపాదీ రావాలా? ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చే కుటుంబానికి ఇది చిన్న ప్రశ్న కాదు. దీనికి మందు 'నువ్వు'కు తిరిగి వెళ్లడం కాదు, ఒక వాక్యం చేర్చడం. 'దరఖాస్తులో పేరున్నవారు వస్తే చాలు. భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటే ఇద్దరూ రండి' అని రాస్తే తేలిపోతుంది. ఒక్కరినే పిలిచేటప్పుడు 'మీరొక్కరే వస్తే చాలు' అనాలి.

కొందరు తెలివైన దారి ఒకటి కనిపెట్టారు. మీరు, నువ్వు రెండూ లేకుండా వాక్యం రాయడం. తెలుగులో ఇది సాధ్యమే. 'రావాలి', 'రావచ్చు', 'తేవద్దు', 'అందలేదు' లాంటి రూపాలు మనిషిని బట్టి మారవు. 'నువ్వు రావాలి' అన్నా 'మీరు రావాలి' అన్నా క్రియ ఒకటే. కాబట్టి సర్వనామం తీసేస్తే 'సోమవారం కాగితాలతో రావాలి' అని మిగులుతుంది. అందులో చిన్నా పెద్దా తేడా కనపడదు. గోడ మీద అంటించే నోటీసుకు ఇది పనికొస్తుంది. 'సంత రోజున పింఛన్లు ఇవ్వబడవు' అనే బదులు 'సంత రోజున పింఛన్లు ఇవ్వడం లేదు' అంటే ఎవరినీ ఏమీ అననక్కర్లేదు. అది మాకు సమ్మతమే. కానీ ఒక మనిషి పేరు మీద, ఒక మనిషి ఫోన్‌కు పంపే సందేశంలో వరసగా నాలుగు వాక్యాలు 'రావాలి, తేవాలి, కట్టాలి, చూపాలి' అని ఉంటే అది మొక్కుబడి ఆజ్ఞల పట్టీ అవుతుంది. అక్కడ అసలు మనిషే లేనట్టుంటుంది. ఏకవచనంతో తగ్గించడం ఒక అవమానం, అసలు పలకరించకపోవడం ఇంకొకటి. ఇంగ్లీషు సందేశం 'ప్లీజ్' అని మొదలై తెలుగులో 'రావలెను' అని ముగిస్తే ఆ అనువాదకుడు తటస్థంగా ఉన్నాడని మేము ఒప్పుకోం. ఆ 'ప్లీజ్' అర్థాన్ని తెలుగులో 'అండి' మోస్తుంది. ప్రతి వాక్యానికీ 'దయచేసి' తగిలించనక్కర్లేదు.

'మీరు' అని మొదలుపెట్టి మధ్యలో జారిపోవడం ఇంకో జబ్బు. 'మీరు మీ ఆధార్ కార్డు తీసుకుని రా', 'మీ ఖాతాలో డబ్బు పడింది, చూసుకో' అని వస్తుంటాయి. సర్వనామాన్ని సరిచేసి క్రియను మరిచిపోయారన్నమాట. దీన్ని పట్టుకోవడం సులువు. సందేశం పంపే ముందు నాలుగు చోట్ల వేలు పెట్టి చూడాలి: పిలుపు దగ్గర, 'మీరు' దగ్గర, 'మీ' దగ్గర, క్రియ చివర. నాలుగూ ఒకే మెట్టు మీద ఉండాలి. మూడో మనిషి గురించి రాసేటప్పుడు కూడా ఇదే చూపు కావాలి. 'దరఖాస్తుదారు రాకపోతే వాడి తరఫున వేరొకడు వస్తాడు' అని రాస్తే మగవాడని తేల్చేశాం, తగ్గించేశాం కూడా. 'వారి తరఫున వేరొకరు రావచ్చు' అంటే ఆడా మగా అన్న ప్రశ్నే రాదు.

ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో కూడా గుర్తు పెట్టుకోవాలి. మన ఊళ్లలో చాలా ఇళ్లకు ఒకే ఫోన్. అది తరచుగా చదువుకుంటున్న పిల్లల దగ్గర ఉంటుంది. తాత పేరు మీద వచ్చిన సందేశాన్ని మనవరాలు పైకి చదివి వినిపిస్తుంది. 'నువ్వు రమ్ము, లేనిచో నీ దరఖాస్తు రద్దగును' అన్న మాటలు ఆ పిల్ల నోటి గుండా తాత చెవికి వెళ్తాయి. ఆఫీసు తాను నేరుగా అనలేని మాటను ఆ పిల్ల చేత అనిపిస్తోంది. సందేశం రాసే ప్రతి ఒక్కరినీ మేము కోరే పరీక్ష ఇదే. రాసిన నాలుగు వాక్యాలనూ ఒక పిల్ల తన తాత ముందు నిలబడి చదవగలదా? ఎక్కడైనా గొంతు తడబడితే ఆ మాట మార్చాలి.

చివరికి మిగిలే అభ్యంతరం ఇది: 'ఎనిమిదో తరగతి పిల్లాడికి కూడా మీరు అంటే వింతగా ఉండదా?' ఉండొచ్చు. ఆ వింత వల్ల ఏం పోతుంది? ఒక నవ్వు. అదే ఒక పెద్దమనిషికి 'నువ్వు' వెళ్తే ఏం పోతుందో పైన చెప్పాం. రెండు తప్పుల ధర ఒకటి కానప్పుడు, ఏది తక్కువ ఖరీదైనదో ఆ వైపే మొగ్గాలి. పైగా పిల్లలకు అది వింత కూడా కాదు. పాత ప్రశ్నపత్రాల్లో 'వ్రాయుము', 'జతపరచుము' అని ఉండేది. ఇప్పటి పాఠ్యపుస్తకాలు 'రాయండి', 'జతపరచండి' అంటున్నాయి. దాంతో ఏ పిల్లాడూ చెడిపోలేదు. అందుకునేది పిల్లలేనని ఖాయంగా తెలిసి, రాసేది వాళ్ల టీచరే అయితే 'నువ్వు' అనొచ్చు. అక్కడ బంధం ఉంది, వయసు తెలుసు. మా వాదం అంతా తెలియని చోటు గురించే.

మన టీచర్లు దీన్ని తరగతిలో ఒక పాఠంగా చేయవచ్చు. ఒక ఇంగ్లీషు సందేశం ఇచ్చి, దాన్ని ముందు తెలిసిన స్నేహితుడికీ, తర్వాత పేరు మాత్రమే తెలిసిన మనిషికీ తెలుగులో రాయమనండి. రెండింటిలో ఎన్ని చోట్ల మాట మారిందో పిల్లలే లెక్కపెడతారు. ఇంగ్లీషులో దాగిన ప్రశ్న తెలుగులో ఎక్కడెక్కడ బయటపడుతుందో వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

ఆఫీసులకు మేము చెప్పేది ఇంకా చిన్నది. మాకు ప్రత్యేక మర్యాదలేవీ వద్దు. ఒకే ఇంగ్లీషు సందేశం మైదానం ఊరికి 'రండి' అని వెళ్లి, కొండ మీద ఊరికి 'రా' అని రాకూడదు. రెండు ఊళ్లకూ ఒకే క్రియ పంపండి. ఆ పని చేయడానికి మా వయసు తెలుసుకోనక్కర్లేదు, మా హోదా కనుక్కోనక్కర్లేదు. మేము మనుషులమని తెలిస్తే చాలు.